ఐయూఐ తర్వాత కార్డులో లేత గీత వచ్చి పోయింది, మళ్లీ పోయినట్టేనా?

ప్రశ్న: అక్కా, పోయినేడు నాకు రెండో నెల్లో అబార్షన్ అయింది. ఇప్పుడు ఐయూఐ చేసి ఎనిమిది రోజులు. మొన్న కార్డులో లేత గీత కనపడింది, ఇవాళ లేదు. మళ్లీ పోయినట్టేనా? భయంతో నిద్ర పట్టట్లా.

జవాబు: పోయిందని ఇప్పుడే అనుకోబాక తల్లీ. ఐయూఐకి ముందు గుడ్డు విడుదల కోసం ఇంజక్షన్ వేసుంటారు, నీ చీటీలో హెచ్‌సీజీ 5000 అనో 10000 అనో ఉందేమో చూడు. కార్డు పట్టేదీ ఆ హార్మోన్నే. అది ఒంట్లోంచి పోవడానికి వారం నుంచి రెండు వారాలు పడతాది, అందుకే మొన్నటి గీత ఆ ఇంజక్షన్‌దే అయ్యుంటాది, ఇవాళ లేదంటే మందు దిగిపోయిందని. నిజంగా నిలిచినా కార్డులో తేలడానికి ఎనిమిది రోజులకి చాలామందికి తొందరే.

నేనూ ఒకటి పోయినాకే కావలి నుంచి నెల్లూరు పొగతోట ఆస్పత్రులకి తిరిగినదాన్నే. ప్రొజెస్టిరాన్ గోలీలు పెట్టుకుంటా ఉంటే రొమ్ములు నొప్పి, కడుపు ఉబ్బరం, మధ్యాన్నం ఒకటే నిద్ర, ఈసారి నిలిచిందిలే అని లోపల్లోపల పేర్లు కూడా అనుకునేదాన్ని, మర్నాడు నొప్పి తగ్గితే ఏడుపు. ఆ లక్షణాలన్నీ గోలీలే తెప్పిస్తాయమ్మా, ఉన్నా లేకపోయినా లెక్కపెట్టబాకు అని నర్సమ్మ చెప్పాక కాస్త ఊపిరాడింది. బాత్రూంకి పోయిన ప్రతిసారీ మరక కోసం చూసుకోవడం మాత్రం మానలా, అది మానుకోమని నీకూ చెప్పను. కొంచెం మరక కనపడిందని గోలీలు నీ అంతట నువ్వు ఆపబాక, ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యి.

మా ఆయన ఒక పని చేశాడు, ఇంట్లో అందరికీ టెస్టు అసలు తేదీకి వారం తర్వాతని చెప్పాడు. మా అత్త ఏమన్నా విశేషమా అని అడిగేలోపు మా ఇద్దరికీ ఏడవడానికో నవ్వడానికో నాలుగు రోజులు దొరికినాయి. అబద్ధమే, అయితే ఏంది?

రెండు వారాలకి బీటా రక్తపరీక్ష రాస్తారు, అప్పటిదాకా కార్డులు కొనబాకు. పాజిటివ్ వస్తే భయం పోతాదనుకుంటాం గానీ, ఒకసారి పోగొట్టుకున్నవాళ్లకి అప్పుడే పెరుగుతాది. నాకు మొదట 96 వచ్చింది, తక్కువా అని రాత్రంతా కూర్చున్నా. ఒక్క అంకెతో ఏమీ తెలవదు, 48 గంటలకి మళ్లీ తీస్తే ఎంత పెరిగిందనేదే లెక్క. నాకు 200 దాటింది. గుండె చప్పుడు ఆరేడు వారాల స్కాన్‌లోనే, ఆ మధ్య రోజులు ఇంకా కష్టం, అప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇప్పుడే డాక్టరమ్మని అడిగి పెట్టుకో. పాజిటివ్ వచ్చాక ఒక పక్కే కడుపులో బాగా నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా, బ్లీడింగ్ ఎక్కువైనా రాత్రయినా సరే ఆస్పత్రికి పోవాల్సిందే. నిద్ర లేకపోవడం ఇట్టాగే కొనసాగితే అదీ ఆమెకి చెప్పు, సిగ్గుపడబాక.