డాక్టర్ సలహా: ఆయన డల్లాస్‌లో, నాకు నిద్ర లేదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో అత్తయ్యగారు, పాపతో ఉంటాను, ఉద్యోగం చేస్తున్నాను. మావారు డల్లాస్ వెళ్లి ఏడాదిన్నర. రోజూ ఆయన లంచ్ టైంలో, మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోన్ చేస్తారు. నవంబరు నుంచి ఫోన్ ఎత్తితే గొడవే. తర్వాత నిద్ర పట్టదు. అత్తయ్యగారికి రాసిన ఆల్ప్రజోలం 0.5 సగం వేసుకునేదాన్ని, ఇప్పుడు ఒకటి కావాల్సి వస్తోంది. మేలో సెలవుకి వస్తున్నారు, రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఆయన మారిపోయారంటారా?

జవాబు: ఆయన సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ మాత్ర గురించి మాట్లాడాలి. సగంతో పట్టిన నిద్ర ఇప్పుడు ఒకటి వేసుకుంటే గానీ పట్టడం లేదంటే ఒళ్లు మందుకు అలవాటు పడుతోందన్నమాట. ఆల్ప్రజోలం కొద్ది వారాల్లోనే అలా చేస్తుంది. ఒకే ఇంట్లో ఉన్నా, అత్తయ్యగారి చీటీ మీది కాదు. ఆవిడ వయసు, ఆవిడ జబ్బు చూసి ఆవిడ డాక్టర్ రాసిన మందు అది. ఆ మాత్రలు మీరు వాడేస్తే ఆవిడకీ మధ్యలో ఆగిపోతాయి, అదీ ప్రమాదమే.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వేసుకున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, గుండె దడ, అసలు కన్ను మూత పడకపోవడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ, భర్త విదేశం నుంచి దిగే రోజున మాత్రల స్ట్రిప్ బియ్యం డబ్బాలో దాచేసి మానేసింది. రెండో రాత్రికి ఒళ్లంతా చెమటలు, మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. ఆయనేమో తను రావడం ఆవిడకి ఇష్టం లేదనుకున్నాడు.

కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఎంత, ఎన్నాళ్లకి అన్నది మిమ్మల్ని చూడకుండా నేను రాయకూడదు. చాలామందికి వారాలు పడుతుంది. బిడ్డ కోసం అనుకుంటున్నారు కాబట్టి మే దాకా ఆగకుండా ఈ వారమే సైకియాట్రిస్టుని కలవండి. ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి వేసుకోవాలో గైనకాలజిస్టుని అడగండి, గర్భానికి కనీసం నెల ముందు నుంచే అది అవసరం. ఈలోగా నెల తప్పినా మాత్ర మీ అంతట మీరు ఆపకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. దగ్గు, జలుబుకి మత్తు తెప్పించే మందులేవీ దీంతో కలపకండి. పొద్దున తల మత్తుగా ఉంటే పాపని స్కూటర్ మీద దింపొద్దు.

ఇక నవంబరు. ఆ నెల మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆయన పన్నెండున్నర అంతకుముందు మీకు రాత్రి 11, ఆ రోజు నుంచి 12. ఆయన వైపు ఏమీ మారలేదు, మీ నిద్రలోంచి మాత్రం గంట పోయింది. అన్నం తింటూ, పక్కన ఆఫీసు వాళ్లుండగా ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడతారు. మీరేమో రోజంతా మోసి, అర్ధరాత్రి దాకా కాచుకుని ఫోన్ ఎత్తుతారు. నిద్ర చాలని మనిషికి "సరే" అన్న మాట కూడా విసుగులా వినిపిస్తుంది. గొడవకి కారణం ఇదొక్కటేనని నేననను, కానీ ఇది సరిచేయకుండా ఆయన మారారని తేల్చకండి.

ఆ రాత్రి ఫోన్ ఆపేయండి. మీకు ఉదయం 7 అంటే ఆయనకి ముందు రోజు సాయంత్రం ఏడున్నర. పాపకి జడ వేస్తూ పది నిమిషాలు, స్పీకర్‌లో ముగ్గురూ మాట్లాడుకోండి. డబ్బు, అత్తయ్యగారి ఆరోగ్యం, బిడ్డ విషయం లాంటివి శనివారం ఉదయం 8కి పెట్టుకోండి, అక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, ఆయనకీ తీరికే. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం మళ్లీ ముందుకు జరుగుతుంది, అప్పుడు ఇవే వేళలు ఆయనకి గంట ఆలస్యమవుతాయి, ముందే అనుకోండి.

మొదటి శనివారమే మాత్ర సంగతి ఆయనకి చెప్పండి. దాచిపెట్టి తగ్గించుకోవడం కష్టం. మీ చిరాకు దేనివల్లో ఆయనకీ తెలియాలి.

రెండు వారాలకి పైగా ఏడుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. లేదా తిన్నగా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్, రోజుకి ఎన్ని, ఎప్పటి నుంచి అని రాసిన కాగితం తీసుకెళ్లండి. తగ్గించి చెప్పకండి, డాక్టర్ లెక్క దాని మీదే ఉంటుంది.