పదో తరగతితో లెక్కలు వదిలేసినవాళ్లు స్టాటిస్టిక్స్ పేపర్‌కి ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: "పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు సార్. ఇంటర్ హెచ్ఈసీ, ఇప్పుడు తిరుపతిలో బీఏ ఎకనామిక్స్. వచ్చే సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది, రెండు నెలలు టైముంది. భిన్నాలు కూడా సరిగా రావు. మళ్లీ ఆరో తరగతి నుంచి చదవాలా?"

ఆరో తరగతి పుస్తకం మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. అలా మొదలుపెట్టినవాళ్లు జ్యామితి దాకా వచ్చి ఆగిపోతారు. ఈ పేపర్‌కి జ్యామితి, త్రికోణమితి అసలు పనికిరావు. మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు మూడు తీసుకుని, అందులో లెక్క చేయాల్సిన ప్రశ్నలు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. సగటు, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్, ఇండెక్స్ నంబర్లు, ఇవే తిరిగి తిరిగి వస్తుంటాయి. వీటన్నింటి కింద ఉండే లెక్క మాత్రం కొంచెమే: భిన్నాలు, శాతాలు, మైనస్ గుర్తులు, వర్గం, వర్గమూలం, Σ గుర్తు, సరళరేఖ సమీకరణం.

వీటిలో మీకు ఏది రాదో తెలుసుకోవడానికి ఒకే ఒక్క లెక్క చాలు. మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో ధర ఐదు రోజులు 12, 18, 15, 25, 30 రూపాయలు అనుకుందాం (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు). దీని స్టాండర్డ్ డీవియేషన్ కాగితం మీద కట్టండి.

మొత్తం 100, ఐదుతో భాగిస్తే సగటు 20. ఒక్కో ధరలోంచి 20 తీసేయండి: −8, −2, −5, 5, 10. ఇక్కడ ఆగి వీటిని కూడండి. సున్నా రావాలి. రాలేదంటే సగటైనా తప్పు, తీసివేతలో గుర్తైనా తప్పు, ముందుకు వెళ్లడం దండగ. సున్నా వచ్చాక ఒక్కోదాన్ని వర్గం చేయండి: 64, 4, 25, 25, 100. మొత్తం 218. ఐదుతో భాగిస్తే 43.6, దాని వర్గమూలం సుమారు 6.6. అంటే ఆ ఐదు రోజుల్లో ధర సగటుకి అటూ ఇటూ దాదాపు ఆరున్నర రూపాయలు ఊగిందని అర్థం. అదే 6.6ని సగటు 20తో భాగించి నూటితో గుణిస్తే 33 శాతం. అది కోఎఫిషియెంట్ ఆఫ్ వేరియేషన్.

ఇప్పుడు ఏ వరుసలో చెయ్యి ఆగిందో చూడండి. తీసివేతలో ఆగితే మైనస్ గుర్తులు మొదటి వారం పని. −8 వర్గాన్ని −64 అని రాస్తే అదీ అక్కడిదే. సైంటిఫిక్ కాలిక్యులేటర్లో −8² అని కొడితే చాలావాటిలో −64 చూపిస్తుంది, ఎందుకంటే అది ముందు 8ని వర్గం చేసి తర్వాత మైనస్ పెడుతుంది. (−8)² అని బ్రాకెట్ వేసి కొట్టాలి. చివరి 33 శాతం దగ్గర తడబడితే భిన్నాలు, శాతాలు ముందు చూసుకోవాలి.

మామూలు కాలిక్యులేటరే ఉంటే 8 × 8 కొట్టి M+ నొక్కండి, 2 × 2 కొట్టి M+ నొక్కండి, అలా ఐదూ అయ్యాక MR నొక్కితే 218 వస్తుంది. మొదలుపెట్టే ముందు మెమరీ ఖాళీ చేయడం మరిచిపోతే పాత లెక్క ఇందులో కలిసిపోతుంది. ఒక్కో అంకెనూ వేరే కాగితం మీద రాసి మళ్లీ కూడేకంటే ఇలా చేస్తే తప్పులు తగ్గుతాయి.

జవాబు పత్రాల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు Σ దగ్గరిది. షార్ట్‌కట్ సూత్రం Σx²/n − (Σx/n)². అందులో Σx² అంటే ముందు ఒక్కోదాన్ని వర్గం చేసి తర్వాత కూడడం: 144 + 324 + 225 + 625 + 900 = 2218. ఐదుతో భాగిస్తే 443.6, అందులోంచి 400 తీసేస్తే మళ్లీ అదే 43.6. పిల్లలు ముందే కూడేసి 100ని వర్గం చేస్తారు. అప్పుడు 10000/5 − 400 = 1600, వర్గమూలం 40 వస్తుంది. ఇది తప్పని సూత్రం చూడకుండానే చెప్పొచ్చు. అతి పెద్ద ధర 30, అతి చిన్నది 12, తేడా 18. n తో భాగించి కట్టిన స్టాండర్డ్ డీవియేషన్ ఆ తేడాలో సగాన్ని, అంటే 9ని, ఎప్పుడూ దాటదు. జవాబు రాయగానే ఈ ఒక్క పోలిక చేసుకోండి, పరీక్ష హాల్లో సగం నిమిషం పని. n − 1తో భాగించే పద్ధతి మీ సిలబస్‌లో ఉంటే జవాబు సుమారు 7.38 అవుతుంది. ఏది వాడాలో మీ లెక్చరర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

రెండు నెలల్ని ఇలా పంచుకోవచ్చు. రోజుకి గంట చాలు, కానీ రోజూ చేయాలి. మొదటి రెండు వారాలు ప్రభుత్వ 7, 8 తరగతుల లెక్కల పుస్తకాల్లోంచి భిన్నాలు, పూర్ణసంఖ్యలు, శాతాలు, ఘాతాలు, సామాన్య సమీకరణాలు మాత్రం. కాలిక్యులేటర్ పక్కన పెట్టండి, 3/4ని 2/5తో భాగించడం చేత్తో రావాలి. మూడో వారం పూర్తిగా Σకి, పట్టికలకి. x, f, fx నిలువు వరుసలు గీసి, అడుగున మొత్తం రాయడం అలవాటు చేసుకోండి. లెక్క తప్పినా నిలువు వరుసలు శుభ్రంగా ఉంటే తప్పు ఎక్కడో మీకే దొరుకుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు సిలబస్ లెక్కలే. ఏదైనా ఆగితే ఆ ఒక్క అంశం కోసం పాత పుస్తకానికి వెళ్లి తిరిగి రండి. మిగతా రెండు వారాలు పాత పేపర్లు, గడియారం పెట్టుకుని.

సరళరేఖని మాత్రం సిలబస్ లెక్కలు మొదలయ్యేలోపు చూసుకోండి, ఎందుకంటే రిగ్రెషన్‌లోనూ, మైక్రో ఎకనామిక్స్ పేపర్‌లోనూ అదే వస్తుంది. డిమాండ్ Q = 100 − 2P అనుకోండి. ధర 20 అయితే 60 యూనిట్లు, 25 అయితే 50. ధర రూపాయి పెరిగినప్పుడల్లా డిమాండ్ రెండు యూనిట్లు తగ్గుతుంది, ఆ −2 వాలు. ఇది రేఖ పొడవునా మారదు. ఎలాస్టిసిటీ మాత్రం మారుతుంది: వాలుని P/Qతో గుణించాలి. ధర 20 దగ్గర −2 × 20/60, సుమారు −0.67. ధర 25 దగ్గర −2 × 25/50, సరిగ్గా −1. ధర 40 దగ్గర −2 × 40/20, అంటే −4. వాలునే ఎలాస్టిసిటీ అనుకుని అన్ని చోట్లా −2 రాసేవాళ్లు చాలామంది. సరళరేఖ మీద మూడు బిందువులు తీసుకుని ఈ మూడూ చేత్తో కట్టినవాళ్లు మళ్లీ ఆ తప్పు చేయడం అరుదు.

డిఫరెన్షియేషన్ గురించి ఇప్పుడే కంగారు వద్దు. మార్జినల్ కాస్ట్, మార్జినల్ రెవెన్యూ లెక్కలు మీ సిలబస్‌లో ఉంటే మామూలుగా xⁿ కి nxⁿ⁻¹ అనే ఒక్క నియమం సరిపోతుంది. దాన్ని ఏడో వారంలో రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు, ఘాతాలు అప్పటికే వచ్చి ఉంటే.