35 వేలు కాదు, మిగిలేది 302 రూపాయలు

ప్రశ్న: సార్, నేను హనుమకొండలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. జీతం 27 వేలు, ఇంటి ఖర్చు 21 వేలు. బ్యాంకులో 31 వేలున్నాయి. చౌరస్తా దగ్గర షాపులో 79,990 టీవీ దసరా ఆఫర్ కింద 44,990కే ఇస్తున్నారు, ఆదివారం వరకే. లోన్ యాప్‌లో 15 వేలు అప్రూవ్ అయింది. నెలకు 2,999 చొప్పున ఆరు నెలలు కట్టాలి, ఫీజు 708 ముందే పట్టుకుంటారట. మిగతాది సేవింగ్స్ నుంచి పెడదామనుకుంటున్నా. 35 వేలు మిగులుతున్నాయి కదా, తీసుకోవచ్చా?

జవాబు: వద్దండి. ఇలాంటి ఉత్తరాలు దసరాకు ముందు నాకు చాలా వస్తాయి, అన్నింట్లోనూ తప్పు ఒక్కటే: కొట్టేసిన ధరలోంచి కొనే ధర తీసేసి, వచ్చిందాన్ని మిగులు అనుకోవడం.

చివర్లో ఉన్న 990 సంగతి ముందు చూద్దాం. దాని ప్రభావం ఉత్త మాట కాదు. అమెరికాలో ఆండర్సన్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు పోస్టులో బట్టలమ్మే ఒక కంపెనీ కేటలాగుల్లో ఒకే డ్రెస్సుకు మూడు ధరలు వేయించి చూశారు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 34 డాలర్లకు 16 అమ్ముడుపోతే, 39కి 21 పోయాయి, 44కి 17. తక్కువ ధర కన్నా తొమ్మిదితో ముగిసిన ధరే ఎక్కువ అమ్మింది. కాకపోతే పక్కన ‘సేల్’ అని రాసి ఉన్నచోట తొమ్మిది బలం తగ్గింది. మీ షాపులో అడుగడుగునా ఆఫర్ బోర్డులే కాబట్టి, మిమ్మల్ని లాగుతున్నది 990 కాదనే నా లెక్క.

లాగుతున్నది 79,990. చీరల షాపులో 2,400 చెప్పి 1,600కు ఇస్తే గెలిచామనుకుంటూ బయటికి వస్తాం. ఆ చీర అసలు 1,100దా అని అడగం, ఎందుకంటే బేరం 2,400 దగ్గర మొదలైంది. ఇది తెలియనివాళ్ళకే జరుగుతుందనుకోకండి. 1987లో అమెరికాలోని టూసాన్‌లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు ఇళ్ళమ్మే ఏజెంట్లకే ఒక ఇల్లు చూపించి విలువ కట్టమన్నారు. అడుగుతున్న ధర 65,900 డాలర్లని కాగితంలో చూసినవాళ్ళు దాదాపు 68 వేలు కట్టారు, 83,900 అని చూసినవాళ్ళు దాదాపు 75 వేలు. ఇల్లు ఒక్కటే. పైగా ఆ ధరను తాము లెక్కలోకి తీసుకోలేదని చాలామంది చెప్పారు!

అయితే కనిపించిన ప్రతి అంకెకూ ఇంత పట్టు ఉండదు. వస్తువుతో సంబంధం లేని సంఖ్య చూపించినా కొనే ధర మారుతుందన్న ప్రయోగాలను మళ్ళీ చేసి చూస్తే, ప్రభావం చాలా చిన్నదిగా తేలింది. ఎంఆర్‌పీ అలా సంబంధం లేని అంకె కాదు, డబ్బా మీదే ఉంటుంది. అందుకే నమ్ముతాం. ఆ మోడల్ నంబర్ రాసుకుని ఇంకో రెండు షాపుల్లో అడగండి. అంతటా 45 వేల దగ్గరే చెబితే, దాని ధరే అది. తగ్గించిందేమీ లేదు.

ఇక ఆ యాప్. చేతికి వచ్చేది 14,292. కట్టేది 17,994. అదనం 3,702 అంటే చిన్నదిగానే అనిపిస్తుంది, కానీ మొదటి నెల నుంచే 2,999 తిరిగి పోతుంటుంది కాబట్టి ఆ డబ్బు పూర్తిగా ఆరు నెలలూ మీ దగ్గర ఉండదు. అది కలిపి లెక్కేస్తే నూటికి నెలకు ఏడు రూపాయల మిత్తి పడుతుంది. మన ఊళ్ళో మూడు రూపాయల మిత్తి అంటేనే మొహం చిట్లిస్తాం, ఫోన్‌లో ఏడు రూపాయలకు మాత్రం వేలు నొక్కేస్తాం! ఇక్కడ కూడా 3,000 అనలేదు, 2,999 అన్నారు, గమనించారా?

టీవీకి ఇంకా 30,698 మీ సేవింగ్స్ నుంచి పోతే ఖాతాలో ఉండేది 302. ప్రైవేటు స్కూళ్ళలో ఎండాకాలం జీతం ఆగడం మీకు నేను చెప్పాలా? అదే వారంలో పిల్లకు జ్వరమొస్తే ఇంకో యాప్ తెరుస్తారు. ఇలాంటి అవసరాలకు మూడు నెలల ఇంటి ఖర్చు ఒక ఫండ్‌గా పక్కన ఉండాలి. మీ ఇంటికి అది 63 వేలు, ఉన్నది అందులో సగం కూడా కాదు. వాయిదా కట్టగలనన్న ఆ మూడు వేలే నెలనెలా ఆర్‌డీలో వేయండి. పదకొండు నెలల్లో 64 వేలు దాటుతుంది. ఆ డబ్బును టీవీ కోసం ముట్టుకోకూడదు. టీవీ కోసం పొదుపు ఆ తర్వాతే మొదలవుతుంది.

అంతవరకు ఆగలేకపోతే చిన్న సైజు టీవీ నగదుకు చూడండి. వడ్డీ లేని ఈఎంఐ అన్నా సరే, ఫండ్ నిండేదాకా వద్దంటాను. చిట్టీ పాడి టీవీ కొనే ఆలోచన ఉంటే అదీ వద్దు.

అప్రూవ్ అయిన లోన్ డబ్బు మీ ఖాతాలోకి ఇంకా రాలేదు కాబట్టి వదిలేయండి. రెండు మూడు రోజులు ఫోన్లు వస్తాయి, ఎత్తకండి.