సౌమిత్రి అన్నాడా, లక్ష్మణుడు అన్నాడా?

చి. బుజ్జమ్మకు, తాతయ్య ఆశీస్సులు.

సెమినార్ కోసం రాసి నల్లగొండ నుంచి నువ్వు పంపిన కాగితాలు నిన్ననే అందాయి. రంగనాథ రామాయణంలో రాముడికీ లక్ష్మణుడికీ వాడిన పేర్లూ విశేషణాలూ ఏరి, ఒక్కోదాని ఎదురుగా కవి ఉద్దేశం రాసుకొచ్చావు. ప్రార్థన మీదా, వీరుల పట్టిక మీదా కూడా రాశావు. ముందు పేర్ల సంగతి. “ఇక్కడ సౌమిత్రి అనడంలో కవి తల్లిని గుర్తు చేస్తున్నాడు” అని నాలుగు చోట్ల రాశావు. ఎం.ఏ.లో నేనూ ఇదే పని చేశాను. ప్రతి పేరుకూ ఒక గూఢార్థం తవ్వి ఇరవై పేజీలు రాస్తే, మా మాస్టారు మార్జిన్లో ఒక్క ముక్క రాసి తిరిగిచ్చారు: “యతి చూశావా?” ఆ ప్రశ్నే ఇప్పుడు నీకు వేస్తున్నాను.

రంగనాథ రామాయణం నడిచేది ద్విపదలో. దాంట్లో ప్రతి పాదానికీ మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి, అంటే అక్షరాల పొందిక, కుదరాలి. రెండు పాదాల్లో రెండో అక్షరం ప్రాస. ఇవన్నీ నీకు తెలుసు. అయితే పేర్లు చూసేటప్పుడు వీటిని పక్కన పెట్టేశావు. నేనే అల్లిన ఒక ద్విపద చూడు, కవిత్వం వెతక్కు:

చాపంబు చేపట్టి సౌమిత్రి నిలిచె
కోపంబు నాపుచు కొండొక వడిని

మొదటి పాదం చా అక్షరంతో మొదలైంది. మూడో గణం దగ్గర చకారానికి కలిసే హల్లు కావాలి, ఆకారానికి కలిసే అచ్చు కావాలి. “సౌ” రెండూ తీరుస్తుంది. పైగా సౌమిత్రి అన్న మాట రెండు గురువులు, ఒక లఘువు. అంటే కచ్చితంగా ఒక త గణం, ఒక్క అక్షరం మిగలదు, ఒక్కటి తగ్గదు. అక్కడ “లక్ష్మణుడు” పెట్టి చదివి చూడు. గణమూ తప్పుతుంది, యతీ పోతుంది. ఇప్పుడు పాదం లకారంతో మొదలుపెడతాను:

లావుమై విల్లంది లక్ష్మణుం డలిగె

ఈసారి సౌమిత్రికి చోటు లేదు. అదే మనిషి, అదే విల్లు, ఇంచుమించు అదే సందర్భం. పేరు మారిందంటే సుమిత్ర గుర్తుకు రావడం వల్ల కాదు, పాదం మొదటి అక్షరం మారడం వల్ల. రకారంతో మొదలైతే “రామానుజుడు” వస్తాడు. కవి దగ్గర ఇలాంటి పేర్లు అరలో సర్దిన డబ్బాల్లా ఉంటాయి. ఏ అక్షరం కావాలో చూసి ఆ డబ్బా తీస్తాడు.

గ్రీకు ఇతిహాసం గురించి మీ నోట్సులో “స్థిర విశేషణం” అని చదువుకున్నావు కదా. హోమరు ఇలియడ్‌లో అకిలీస్ “వడిగా పరుగెత్తే పాదాలవాడు”. గుడారంలో ట్రాయ్ రాజు ప్రియాముడి ఎదుట కూర్చుని మాట్లాడుతున్నప్పుడు కూడా అతను వడి పాదాలవాడే. మిల్మన్ పారీ అనే పండితుడు 1928లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసాల్లో దీని సంగతి తేల్చాడు. పాదంలో ఒక నిడివి ఖాళీకి ఒక వీరుడికి దాదాపుగా ఒకే విశేషణం ఉంటుంది, ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అదే పడుతుంది. తరవాత యుగోస్లావియా వెళ్లి, చదువు రాని గాయకులు పాడుతుంటే రికార్డు చేసి, నోటితో కథ కట్టేవాళ్లకు ఇది ఎలా అక్కరకొస్తుందో చూపించాడు.

దీన్ని తెచ్చి మన ద్విపదకు యథాతథంగా తగిలిస్తేనే చిక్కు. హోమరు ఛందస్సుకు అక్షరాల కాలం చాలు, ఫలానా అక్షరంతో మొదలవ్వాలన్న నియమం లేదు. అందుకే ఒక ఖాళీకి ఒక పేరుతో గడిచిపోతుంది. మనకు యతి ఉంది కాబట్టి ఒకే కొలత ఖాళీకి వేర్వేరు అక్షరాలతో మొదలయ్యే నాలుగైదు పేర్లు ఉండి తీరాలి. అక్కడ పొదుపు, ఇక్కడ నిలవ. తెలుగులో ఒకే విశేషణం మళ్లీ మళ్లీ వస్తుందేమో అని లెక్కపెడితే దొరికేది తక్కువ. ఏ అక్షరానికి ఏ పేరు వస్తోందో లెక్కపెట్టు, అప్పుడు వరస బయటపడుతుంది.

పని ఇలా చెయ్యి. ప్రతి పేరూ ఏ గణంలో ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టు. మూడో గణం మొదట్లో ఉంటే యతి అనుమానించు. మొదటి గణంలో ఉంటే ప్రాసను కూడా చూడు. యతి ప్రాసల ఒత్తిడి తక్కువగా ఉండే రెండో గణంలోనో చివరనో ఉంటే, అప్పుడు ఆగి అర్థం వెతుకు. అదే గణం, అదే అక్షరం ఉన్న ఇంకో పేరు అక్కడ పెట్టి చదువు. ఏమీ పోకపోతే అది డబ్బాలోని పేరే. అర్థం చెడితే మాత్రం అలంకార శాస్త్రం తియ్యాలి. సాభిప్రాయ విశేషణానికి, అంటే ఒక ఉద్దేశంతో వేసిన విశేషణానికి, మనవాళ్లు పరికరాలంకారం అని పేరు పెట్టుకున్నారు, విశేష్యమే సాభిప్రాయమైతే పరికరాంకురం. కువలయానందమనే అలంకార గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ చాలా చిన్నది: చంద్రుణ్ని తలపై ధరించిన శివుడు మీ తాపం పోగొట్టుగాక. తాపం అన్నాడు కాబట్టి చంద్రుడు కావాలి. అక్కడ “త్రిపురాంతకుడు” పెడితే శివుడు ఉంటాడు, చల్లదనం పోతుంది. యతికి కుదిరి, అర్థానికీ కుదిరే చోట్లు కూడా ఉంటాయి. అలాంటివి వదిలెయ్యకు, రెండు కారణాలూ రాయి.

ప్రార్థన విషయంలో నీకు పెద్దగా చెప్పేది లేదు. మొదటి పేజీ బాగానే పట్టుకున్నావు. ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం అని ఆలంకారికుడు దండి చెప్పిన మూడింటిలో ఏది ఎక్కడుందో విడదీస్తే చాలు. ఒక్క మాట. మన ఊళ్లో ఒగ్గు కథ గుర్తుందా? డోలు వేడెక్కేదాకా, జనం కుదురుకునేదాకా దేవుళ్లను పిలుస్తూనే ఉంటారు. కథ మధ్యలో కూడా పిలుస్తారు. ఇలియడ్ రెండో సర్గలోనూ అంతే. ఓడల పట్టికకు ముందు కవి మళ్లీ దేవతలను పిలిచి, పది నాలుకలున్నా నావల్ల కాదు, మీరే చెప్పండి అంటాడు. మధ్యలో ప్రార్థన వినబడితే వెనకే పెద్ద పట్టిక వస్తోందేమో చూడు.

పట్టికలో నువ్వు పేర్లన్నీ ఎత్తి రాశావు, దానివల్ల లాభం లేదు. లంకలో రావణుడు మేడ మీద నిలబడితే అతని వేగులు శుకసారణులు వానర వీరులను చూపించే ఘట్టం తీసుకో. వాల్మీకంలో అచ్చు ఒకటే: అదిగో ఫలానా చోట ఉన్నవాడు, వాడి రూపం, బలం, ఎంత సేన, చివర పేరు. ఆ అచ్చు ఎక్కడ చిట్లుతుందో వెతుకు. హనుమంతుడి దగ్గరికి వచ్చేసరికి శుకుడు “నువ్వు ఇంతకు ముందు చూసినవాడే, మళ్లీ వచ్చాడు” అంటాడు. ఆపైన చిన్నప్పుడు సూర్యుడి మీదికి ఎగిరిన కథ కూడా చెబుతాడు. మిగతావాళ్లు రావణుడికి కొత్త. ఇతను లంక కాల్చి వెళ్లినవాడు. ద్విపదలో ఈ చోటు ఎన్ని పాదాలు తీసుకుందో, పక్క వీరులకు ఎన్ని దక్కాయో లెక్కపెట్టి ఆ అంకెలు రెండూ రాయి.

సెమినార్ అని టెన్షన్ పడి మొత్తం కావ్యం మీద పడకు. యుద్ధకాండలో ఈ ఒక్క ఘట్టం చాలు. ఆదివారం పాలమూరు బస్సెక్కి వచ్చెయ్యి, కలిసి గణాలు కడదాం. పుస్తకంలో పెన్నుతో మాత్రం గీతలు పెట్టకు, అది మీ నాయనమ్మది.

మీ తాతయ్య