వాష్‌డ్, నాచురల్ కాఫీల్లో తీపి, పులుపు ఎక్కడి నుంచి వస్తాయి?

"ఇంట్లోనే కాఫీ వేయించుకుంటున్నాను. గ్రీన్ కాఫీలో వాష్‌డ్, నాచురల్ అని రెండు రకాలు కనిపిస్తున్నాయి. నాచురల్‌లో పండు తీపి గింజలోకి దిగుతుందట, నిజమేనా? పులుపు తక్కువ ఉండాలంటే ఏది తీసుకోవాలి?"

పండు తీపి గింజలోకి దిగుతుందన్నది నిజం కాదు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకే తోటలో, ఒకే రకం చెట్ల నుంచి, ఒకే కోతలో వచ్చిన వాష్‌డ్, నాచురల్ పక్కపక్కన పెట్టి రుచి చూశాకే ఆ అభిప్రాయం మారింది.

వాష్‌డ్ అంటే కోసిన రోజే పల్పర్‌లో వేసి పండు తోలు తీసేస్తారు. అప్పుడు గింజ చుట్టూ ఉన్న పార్చ్‌మెంట్ పొరకి జిగురు అంటుకుని ఉంటుంది. తొట్టిలో సుమారు 12 నుంచి 36 గంటలు పులియనిస్తే ఆ జిగురు విడిపోతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది కాబట్టి గడియారాన్ని నమ్మరు, చేత్తో చూస్తారు. ఒక సీజన్‌లో తోటలో కొన్నాళ్లు ఉన్నప్పుడు నాతోనూ అలా చేయించారు. గుప్పెడు గింజలు నీళ్లలో రుద్దితే మొదట చేప పట్టుకున్నట్టు జారిపోయాయి. కొన్ని గంటల తర్వాత అవే గింజలు గులకరాళ్లలా గరగరమన్నాయి. అప్పుడు కడిగి, తేమ 10–12 శాతానికి వచ్చేదాకా ఆరబెడతారు.

నాచురల్‌కి తోలు తియ్యరు. పండు పండుగానే పలచగా పరిచి, రోజుకు చాలాసార్లు తిప్పుతూ మూడు నాలుగు వారాలు ఎండబెట్టి, తర్వాత ఎండిన తొక్కంతా దంచి తీస్తారు. నీళ్లు తక్కువున్న చోట్ల పూర్వం నుంచీ ఉన్న పద్ధతి ఇదే.

ఇక తీపి సంగతి. అరబికా పచ్చి గింజలో ఉండే ప్రధానమైన చక్కెర సుక్రోజ్. ఏ పద్ధతిలో చేసినా అది దాదాపు ఒకేలా ఉంటుంది. తేడా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లలో కనిపిస్తుంది. తోలు తీసి తడిలో ఉంచినప్పుడు కూడా గింజ బతికే ఉంటుంది, ఆ చిన్న చక్కెరల్ని వాడేసుకుంటుంది. అందుకే నాచురల్‌లో అవి ఎక్కువ మిగులుతాయి. అయితే రోస్ట్ చేసేటప్పుడు చక్కెరలు చాలావరకు కరిగి వేరే పదార్థాలైపోతాయి. కప్పులో మనకు తెలిసే తీపి ఎక్కువగా వాసనదే. పండులో జరిగిన పులియడం వల్ల వచ్చే వాసనలు ముక్కుకి తగిలి, మెదడు దాన్ని తీపి అనుకుంటుంది.

దీన్ని మీరే పరీక్షించొచ్చు. రెండింటినీ ఒకే రంగు వచ్చేదాకా వేయించండి. నా బ్యాచ్‌లు రెండూ 100 గ్రాములు 87 గ్రాములకు తగ్గాయి. రెండు గిన్నెల్లో 12 గ్రాముల చొప్పున పొడి వేసి, 200 మి.లీ. వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాల తర్వాత పైన తేలిన మడ్డి కలిపి తీసేయండి. గోరువెచ్చగా అయ్యాక ముక్కు గట్టిగా మూసుకుని నాచురల్‌ని చప్పరించండి. నాకైతే ఎండుద్రాక్షలా అనిపించిన తీపి ఒక్కసారిగా మాయమైంది. ముక్కు వదలగానే తిరిగొచ్చింది. వాష్‌డ్‌లో ముక్కు మూసినా నిమ్మలాంటి పులుపు నాలుక పక్కల నిలబడే ఉంది.

పులుపు విషయంలోనూ ఇలాంటి అపార్థమే ఉంది. కడగడం వల్ల పులుపు వచ్చి చేరదు. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు గింజలో ముందే ఉంటాయి. వాష్‌డ్‌లో వాటిని కప్పేసే పండు వాసన, చిక్కదనం తక్కువ కాబట్టి అవి స్పష్టంగా తెలుస్తాయి, అంతే. అందుకే పులుపు తగ్గాలని మాత్రమే నాచురల్ కొంటే నిరాశపడొచ్చు. రోస్ట్ కాస్త ముదరనివ్వడం అంతకంటే బాగా పనిచేస్తుంది. తేలిగ్గా వేయించిన నాచురల్ కూడా పుల్లగానే ఉంటుంది, కాకపోతే వైన్‌లాంటి పులుపు.

కొనేముందు ఒకటి చూసుకోండి. నాచురల్ పండ్లని మందంగా పోసి సరిగ్గా తిప్పకపోతే లోపల వేడెక్కి అతిగా పులుస్తాయి. నేను ఒకసారి అలాంటి సంచి కొన్నాను. తెరవగానే ఎండుపండు వాసన రావాల్సింది, వెనిగర్ వాసన కొట్టింది. రోస్ట్ ముదిరిస్తే పోతుందనుకుని ఇంకో రెండు నిమిషాలు ఉంచాను. చేదు పెరిగింది గానీ ఆ ఘాటు పోలేదు. అప్పటి నుంచి గుప్పెడు పచ్చిగింజల్ని చిన్న సీసాలో వేసి, మూతపెట్టి, పది నిమిషాల తర్వాత వాసన చూసిగానీ పెద్ద సంచి తీసుకోవడం లేదు. సంచి మీద రాసినదాని మీద అనుమానం ఉంటే తేలిగ్గా వేయించిన గింజ మధ్య గీత చూడండి. వాష్‌డ్‌లో అది తెల్లగా మెరుస్తుంది, నాచురల్‌లో గింజ రంగులోనే కలిసిపోతుంది.