ఐస్‌క్రీమ్ ఇసుకలా ఉంటోంది

"తిరుపతిలో మా వీధి షాపులో కొన్న ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు, తింటే ఇసుకలా ఉంది, డేట్ ఇంకా ఉంది. చికెన్ కూడా అక్కడే కొంటాం, ఎలా చూసుకోవాలి?"

ఎక్కువ శాతం అది షాపులోనే కరిగి మళ్లీ గడ్డకట్టి ఉంటుంది. కరిగితే లోపలి గాలి పోతుంది కాబట్టి డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంది.

1. మూత అంచు తడమండి, జిగటగా ఉంటే వద్దు.

2. చికెన్ ప్యాకెట్‌ను తిరగేసి అడుగు చూడండి. అందరూ వదిలేసేది ఇదే, పైన గట్టిగా ఉంటే చాలనుకుంటారు. కరిగిన నీరు కిందికి దిగి ఒక మూలన ఎర్రటి మంచు పలకలా గడ్డకడుతుంది, విడిగా ఉండాల్సిన ముక్కలు ఒకే ముద్దవుతాయి. మే నెలలో మధ్యాహ్నమంతా కరెంటు పోయిన మర్నాడు నేను తిప్పి చూసిన మూడు ప్యాకెట్లూ ఇలాగే ఉన్నాయి.

అలాంటిది వాసన రాకపోయినా కొనకండి, మళ్లీ గడ్డకట్టినంత మాత్రాన అందులో పెరిగిన బ్యాక్టీరియా చావదు.