పోకెమాన్ బాక్సు మొత్తం విప్పినా పెద్ద కార్డు రాలేదు, అమ్మినవాళ్ల మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయవాడ. హైదరాబాద్‌లో ఒకాయన ఇన్‌స్టాగ్రామ్‌లో పోకెమాన్ కార్డుల సీల్డ్ బాక్సులు అమ్ముతుంటే 16,500 చొప్పున అబ్సిడియన్ ఫ్లేమ్స్ అనే సెట్ బాక్సులు రెండు కొన్నాను. "ప్రతి బాక్సులో బంగారు నక్షత్రాల పెద్ద కార్డు గ్యారంటీ, పెట్టిన డబ్బు ఖాయంగా వెనక్కి" అని పోస్టులోనూ వాట్సాప్‌లోనూ రాశాడు. మా అబ్బాయితో కలిసి ఒకటి విప్పాం. 36 ప్యాకెట్లలో డబుల్ రేర్ 5, అల్ట్రా రేర్ 2, ఇలస్ట్రేషన్ రేర్ 3 వచ్చాయి, అంతకు మించి ఏమీ లేదు. అన్నీ అమ్మినా 4,000 రావు. ఇది లాటరీ కాదా? చీటింగ్ కేసు పెట్టొచ్చా? రెండోది ఇంకా విప్పలేదు.

జవాబు: రెండో బాక్సు విప్పకండి. దాని ప్లాస్టిక్ చుట్ట చిరగనంత వరకు మీ చేతిలో కేసు ఉంది. చిరిగాక మిగిలేది చాలా వరకు వాదనే. ఎందుకో చెప్పాలంటే ముందు లెక్క చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో చట్టం ఆ లెక్క మీదే నిలబడుతుంది.

కార్డు కింది అంచున ఉండే చిన్న గుర్తే దాని స్థాయి. వృత్తం ఉంటే కామన్, డైమండ్ ఉంటే అన్‌కామన్, ఒక నల్ల నక్షత్రం ఉంటే రేర్. 2023లో మొదలైన స్కార్లెట్ అండ్ వయొలెట్ సిరీస్ నుంచి ఆ పైన ఇంకొన్ని మెట్లు వచ్చాయి. రెండు నల్ల నక్షత్రాలు డబుల్ రేర్, రెండు వెండి నక్షత్రాలు అల్ట్రా రేర్, ఒక బంగారు నక్షత్రం ఇలస్ట్రేషన్ రేర్, రెండు బంగారు నక్షత్రాలు స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్, మూడు ఉంటే హైపర్ రేర్. జనం వెంటపడే చారిజార్డ్ అనే పోకెమాన్ బొమ్మ రెండు బంగారు నక్షత్రాల మెట్టులో ఉంది. ఈ సిరీస్ ఇంగ్లిష్ ప్యాకెట్ల మీద ఏ మెట్టు ఎన్ని ప్యాకెట్లకు ఒకటి వస్తుందో కంపెనీ ముద్రించదు. కొన్ని బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్ల మీద "ఇన్నింటికి ఒకటి" అని అచ్చు వేస్తారు, ఇక్కడ అది లేదు. మనకు తెలిసిన అంకెలన్నీ వేల ప్యాకెట్లు విప్పి లెక్కగట్టిన వ్యాపారులు, సేకర్తలు చెప్పినవే. వాటి ప్రకారం ఈ సెట్లో సుమారుగా డబుల్ రేర్ ఏడు ప్యాకెట్లకు ఒకటి, ఇలస్ట్రేషన్ రేర్ పదమూడింటికి ఒకటి, అల్ట్రా రేర్ పదిహేనింటికి ఒకటి, స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ ముప్పై రెండింటికి ఒకటి, హైపర్ రేర్ యాభైకి పైగా ప్యాకెట్లకు ఒకటి.

ఇప్పుడు మీ బాక్సు చూడండి. 36 ప్యాకెట్లకు సగటున డబుల్ రేర్ 5, ఇలస్ట్రేషన్ రేర్ 3కి కాస్త తక్కువ, అల్ట్రా రేర్ 2 పైచిలుకు రావాలి. మీకు వచ్చినవి 5, 3, 2. అంటే అచ్చంగా సగటు బాక్సు. రెండు బంగారు నక్షత్రాల కార్డు బాక్సుకు ఒకటి వస్తుందని జనం అనుకునేది ఈ ముప్పై రెండు అంకె చూసే. కానీ ఒక్కో ప్యాకెట్ దేనికదే స్వతంత్రం అనుకుని లెక్కేస్తే, వంద బాక్సుల్లో సుమారు 32 బాక్సుల్లో అది అసలు ఉండదు. హైపర్ రేర్ కూడా లేకపోవడం అంటే, రెండూ కలిసి లేని బాక్సులు వందకు ఓ పదహారు. మీది ఆ పదహారులో ఒకటి. దీన్ని దురదృష్టం అనొచ్చు గానీ, మోసానికి రుజువు అనలేం.

బాక్సులో ఎవరో చేయి పెట్టి, మంచివి తీసేసి మళ్లీ సీల్ వేశారా అన్న అనుమానం వేరు. అలా చేసిన బాక్సులో మామూలుగా కనిపించేది మొత్తానికి హిట్లే, అంటే డబుల్ రేర్, ఆ పై మెట్ల కార్డులే లేకపోవడం. 36 ప్యాకెట్లలో ఒక్క డబుల్ రేర్ కూడా రాకపోయే అవకాశం వెయ్యి బాక్సుల్లో నాలుగింటికి మించదు, అలాంటప్పుడు గట్టిగా అనుమానించాల్సిందే. మీకు ఐదు వచ్చాయి కాబట్టి ఈ వాదన మీకు అందదు. ప్యాకెట్ పైన, కింద ఒత్తిన అంచు వంకరగా ఉండటం, వెనక అతుకు దగ్గర జిగురు మరక, ప్లాస్టిక్ చుట్ట వదులుగా ఉండటం, కంపెనీ చుట్ట మీద తెల్లగా ఉండే పోకెబాల్ గుర్తులు లేకపోవడం, ఇవన్నీ చూడదగ్గవే. విప్పని బాక్సు మీద ఇప్పుడే చూసి, మంచి వెలుతురులో ఆరు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

లాటరీ ప్రశ్నకు వద్దాం. డబ్బు, అదృష్టం, బహుమతి, ఈ మూడూ కలిస్తే లాటరీ అని మన అలవాటు మాట. ప్యాకెట్‌లో మీరు కొనే వస్తువు మాత్రం కార్డులే, ఎన్ని ఉంటాయన్నారో అన్నీ మీకు వచ్చాయి. అమెరికాలో బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లలోని ఇన్సర్ట్‌లు అనే అరుదైన ప్రత్యేక కార్డుల మీద ఇదే వాదనతో వరసగా కేసులు వేశారు. 2002లో ఫ్లీర్ స్కైబాక్స్ కంపెనీ మీద నడిచిన ఛేసెట్ కేసులో అక్కడి తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, కోరుకున్న కార్డు రాలేదన్న నిరాశ ఆస్తికి జరిగిన నష్టం కాదనీ, కొన్నవాళ్లకు తాము బేరమాడుకున్నది దక్కిందనీ తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ అందులోని తర్కాన్ని దాటడం ఇక్కడా కష్టమే. కాబట్టి "ఇది లాటరీ" అన్న దారిలో మీ సమయం పోగొట్టుకోవద్దని నా మాట.

మీ బలమంతా అమ్మినాయన రాతలో ఉంది. కంపెనీ ఏ హామీ ఇవ్వని చోట ఆయన "ప్రతి బాక్సులో గ్యారంటీ" అన్నాడు. ఆ మాట నిజం కావడానికి వీల్లేదని పైన చెప్పిన లెక్కే చూపిస్తుంది, వందకు ఓ పదహారు బాక్సుల్లో రెండు, మూడు బంగారు నక్షత్రాల కార్డేదీ ఉండనప్పుడు ఆయన ఏ ధైర్యంతో రాశాడో ఆయనే చెప్పుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(28) తప్పుడు గ్యారంటీ ఇచ్చే ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది. సెక్షన్ 2(47) అలాంటి మాటలతో అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిలో చేరుస్తుంది.

"డబ్బు ఖాయంగా వెనక్కి" అన్న మాట కూడా అంతే, బాక్సు విప్పడం లాభమా అన్నది ఒకసారి లెక్క కట్టి చూడండి. ఈ సెట్లో రెండు బంగారు నక్షత్రాల కార్డులు ఆరు రకాలు ఉన్నాయనుకుంటే చారిజార్డ్ సుమారు 192 ప్యాకెట్లకు ఒకటి. దాని ధర 20,000 అనుకుంటే ఒక బాక్సు సగటు విలువలో దాని వాటా 3,750. కానీ ఆ 3,750 ఏ బాక్సులోనూ ఉండదు. వందలో 17 బాక్సుల్లో 20,000 ఉంటుంది, 83 బాక్సుల్లో సున్నా. ఐదు బాక్సులు, అంటే 180 ప్యాకెట్లు విప్పినా ఆ కార్డు రాకపోయే అవకాశం వందకు 39. పైగా కార్డు అమ్మేటప్పుడు కమిషన్, కొరియర్, అంచు కాస్త తెల్లబడితే తగ్గే ధర, ఇవన్నీ పోతాయి. డబుల్ రేర్‌లు ఎక్కువగా చిల్లర ధరకే పోతాయి, మీ 4,000 లెక్క అందుకే నాకు ఆశ్చర్యం కలిగించలేదు. విప్పితే లాభం ఖాయమైతే దుకాణదారు బాక్సు మీకెందుకు అమ్ముతాడు, తానే కూర్చుని విప్పుకోడా? అబ్బాయితో కలిసి విప్పే సరదాకు డబ్బు పెట్టడం మీ ఇష్టం, దాన్ని పెట్టుబడి అని నమ్మించడం దగ్గరే తప్పు జరిగింది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సెక్షన్ 2(7) ప్రకారం తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారు కిందికి రారు. ఎదుటి లాయరు మొదట పట్టుకునేది ఇదే. "అన్నీ అమ్మినా 4,000 రావు" అని మీరు రాసిన వాక్యాన్నే మీ మీదికి తిప్పుతాడు. అబ్బాయి సరదా కోసం, సేకరణ కోసం కొని, మోసపోయాక విలువ ఎంతో చూసుకున్నారంటే అది వేరు, మీరు వినియోగదారే. నిజంగా అమ్మి లాభం తీయాలనే కొని ఉంటే వినియోగదారుల కమిషన్ ముందు వేరే కథ చెప్పొద్దు, అక్కడ ఇచ్చేది ప్రమాణ పత్రం. అప్పుడు దారి సివిల్ కోర్టు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 18, 19 ప్రకారం తప్పు మాట చెప్పి చేయించిన ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు, అయితే కొన్న వస్తువును తిరిగి ఇవ్వగల స్థితిలో ఉండాలి. విప్పొద్దు అన్నది అందుకే. విప్పని బాక్సు ఇచ్చి 16,500 అడగడం నేరుగా జరిగే పని, విప్పిన దానికి నష్టపరిహారం మాత్రమే అడగగలం, అదీ వచ్చిన కార్డుల విలువ తీసేసి.

చీటింగ్ కేసు, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, నిలబడాలంటే అమ్మే సమయానికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఆయన అదే పోస్టు చాలా మందికి పెట్టి, చాలా మంది ఫిర్యాదు చేశాక కూడా కొనసాగించాడని తెలిస్తే ఆలోచించవచ్చు. ఒక్క మీ కొనుగోలు మీద పోలీసుల దగ్గరికి వెళ్తే "సివిల్ మేటర్, కోర్టుకు వెళ్లండి" అనే అంటారు.

ముందు ఆ ఇన్‌స్టా పోస్టు, వాట్సాప్ సంభాషణ తేదీ, అకౌంట్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి, ఫోన్‌లో అసలు చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. డబ్బు పంపిన యూపీఐ రశీదు, బిల్లు ఉంటే బిల్లు తీసి పెట్టండి. బాక్సు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉన్న స్టిక్కర్ ఉందో లేదో చూడండి. దిగుమతి చేసిన ప్యాకెట్ సరుకు మీద అవి ఉండాలని 2011 లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతాయి. లేకపోయినా, ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా, తూనికలు కొలతల శాఖకు వేరే ఫిర్యాదు ఇవ్వొచ్చు. చాలా మంది అమ్మకందారులు కోర్టు నోటీసు కంటే ఈ ఫిర్యాదుకే తొందరగా దిగొస్తారు.

తర్వాత పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అందులో ఆయన రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టండి, విప్పని బాక్సు తిరిగి ఇస్తానని స్పష్టంగా రాయండి. జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినాయన హైదరాబాద్‌లో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు కమిషన్ ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, కొన్న తేదీ ఒకసారి చూసుకోండి.